విచ్ ముందు కామా పెడితే అర్థం మారిపోతుందా? లీడ్‌తో గొడవ

నైట్‌షిఫ్ట్ కిరణ్: మా 12 సర్వర్లలో 3 ప్యాచ్ టెస్ట్‌లో ఫెయిలయ్యాయి. ఆ మూడింటినీ శుక్రవారం ఆపుతున్నామని క్లయింట్‌కి మెయిల్ రాశా. మా లీడ్ అందులో రెండు కామాలు కొట్టేసి, "పన్నెండూ ఆపేస్తానని రాశావు కదరా" అన్నాడు. కామాకి అంత సీనుందా?

```
The servers, which failed the patch test, will be shut down on Friday.
```

గట్టుమీద గిరి: మీరు రాసిందే కరెక్ట్ బ్రో. విచ్ అంటే ముందు కామా ఉండాల్సిందే, కామా వద్దనుకుంటే దట్ రాయాలి. లీడ్ కామాలు తీసి విచ్ అలాగే ఉంచాడంటే ఆయనకే గ్రామర్ రాదు. వర్డ్‌లో రాసి చూడండి, కింద గీత పడుతుంది.

ప్రూఫుల పద్మజ: లీడ్ చెప్పిందే నిజం కిరణ్ గారూ. కామాల మధ్య పెట్టిన ముక్క "అన్నట్టు" అని పక్కకు తిరిగి చెప్పిన మాటలాంటిది. దాన్ని ఎత్తేస్తే మీ వాక్యంలో మిగిలేది "సర్వర్లు శుక్రవారం ఆగుతాయి", అంతే. ఏ సర్వర్లు? అన్నీ. పైగా పక్కమాట కూడా అన్నింటికీ వర్తిస్తుంది కాబట్టి పన్నెండూ ఫెయిలయ్యాయనీ మీరే చెప్పినట్టయింది. ఒక్క వాక్యంలో రెండు తప్పు కబుర్లు. కామాలు తీసేస్తే ఆ ముక్క పక్కమాటగా ఉండదు, సర్వర్లను ఏరే జల్లెడ అవుతుంది. ఫెయిలైనవే కిందికి దిగుతాయి.

మనం ఇక్కడ తడబడటానికి కారణం తెలుగే. "టెస్ట్‌లో ఫెయిలైన సర్వర్లు ఆపుతాం" అంటే కొన్నే కావచ్చు, అన్నీ కావచ్చు. వినేవాడు సందర్భాన్ని బట్టి పట్టుకుంటాడు. అందుకే నేను ఇంగ్లీషు వాక్యాన్ని మనసులో రెండు ముక్కలు చేసి చూస్తాను. "సర్వర్లు ఆపుతాం, అవన్నీ ఫెయిలయ్యాయి" అని విడగొట్టినా నా ఉద్దేశం చెడకపోతే కామాలు పెడతాను. చెడితే తీసేస్తాను. మీది చెడుతోంది.

గిరి గారిది సగం రైటు. ఇప్పటి ఇంగ్లీషులో కామా పెట్టి దట్ రాయరు, అది నిజమే. కానీ కామా లేని విచ్ తప్పేమీ కాదు. జల్లెడకు దట్, పక్కమాటకు విచ్ అని పంచుకుంటే బాగుంటుందని ఇంగ్లీషు వాడుక మీద పుస్తకం రాసిన ఫౌలర్ 1926లో సూచించారు. చాలామంది అలా రాయడం లేదని ఆయనే ఒప్పుకున్నారు కూడా. అమెరికన్ ఎడిటర్లు ఆ సలహానే రూల్ చేసుకున్నారు, బ్రిటిష్ వాళ్లు పెద్దగా పట్టించుకోరు.

గట్టుమీద గిరి: మరి క్లయింట్ అమెరికావాడైతే? దట్ రాస్తే ఏ గొడవా ఉండదుగా మేడమ్.

ప్రూఫుల పద్మజ: దట్ రాయమనే నేనూ అంటాను. కానీ మీరు లీడ్‌కి గ్రామర్ రాదన్నారు, నా అభ్యంతరం దానికే. పెర్ల్ హార్బర్ మర్నాడు రూజ్‌వెల్ట్ అన్న మాట చూడండి, అమెరికా అధ్యక్షుడే:

```
a date which will live in infamy
```

ఎస్‌ఓపీ టెన్షన్: మధ్యలో వస్తున్నందుకు సారీ. యూనివర్సిటీ అప్లికేషన్‌కి పంపే నా ఎస్‌ఓపీలో ఇలా రాశా. పద్మజ గారు కామాలు తీసేయమన్నారు కదా, ఇది ఓకేనా?

```
My father who is a farmer, supported my studies.
```

ప్రూఫుల పద్మజ: తీసేయమన్నది కిరణ్ గారి వాక్యంలో అమ్మా. మీకు నాన్నగారు ఒక్కరే, ఆయన్ని ఏరాల్సిన పని లేదు. రైతు అన్నది అదనంగా చెబుతున్న సంగతి, కాబట్టి ఫాదర్ తర్వాత కూడా కామా కావాలి. అది లేకపోతే ఎంతమంది నాన్నలున్నారో, వాళ్లలో రైతు ఎవరో చెబుతున్నట్టు ఉంటుంది. ఇలా ఒక్క కామా పెట్టి వదిలేయడమే నాకు రోజూ కనిపించే తప్పు. బ్రాకెట్ తెరిస్తే మూయాలి కదా, ఇదీ అంతే.

పాత డీబీఏ: మీ గ్రామర్ బాగుంది గానీ, ప్రొడక్షన్ సర్వర్లు ఆపే మెయిల్‌లో కామా మీద భారం వేస్తారా ఎవరైనా? తెల్లవారుజామున ఫోన్‌లో చదివేవాడికి కామా కనపడదు. మూడు సర్వర్ల పేర్లూ రాసి పారేయండి.

ప్రూఫుల పద్మజ: పేర్లు రాయడం మంచిదే. అయితే పేర్ల పక్కన ఆ కామాలు అలాగే ఉంటే జాబితా ఒకటి చెబుతుంది, వాక్యం ఇంకొకటి. అప్పుడు దేన్ని నమ్మాలి?

పాత డీబీఏ: జాబితానే. ఇందులో మీతో ఏకీభవించను మేడమ్.

నైట్‌షిఫ్ట్ కిరణ్: మళ్లీ పంపేశా. మూడు పేర్లూ రాశా, కామాలు తీసి దట్ పెట్టా. ఇప్పుడు లీడ్ "విచ్ ఎందుకు మార్చావ్?" అంటున్నాడు.