రెండు దారులు, పది రోజులు: 5 నిమిషాల తేడా నిజమేనా?

మియాపూర్ శ్రీను
మియాపూర్ నుంచి గచ్చిబౌలిలోని ఆఫీసుకు రోజూ బైక్ మీద వెళ్తాను. ఒక దారి హఫీజ్‌పేట, కొండాపూర్, కొత్తగూడ మీదుగా. ఇంకోటి చందానగర్, లింగంపల్లి దాటి హెచ్‌సీయూ గేటు ముందు నుంచి. ఏది మేలో తేల్చుకుందామని ఇంటి నుంచి ఆఫీసు పార్కింగ్ దాకా పట్టిన నిమిషాలు రాసుకున్నాను.

కొండాపూర్: 38, 44, 41, 52, 40
లింగంపల్లి: 36, 35, 39, 37, 43

సగటు చూస్తే కొండాపూర్ 43, లింగంపల్లి 38. తేడా 5 నిమిషాలు. ఇది దారి వల్ల వచ్చిన తేడానా, ఈ పది రోజులు అలా కలిసొచ్చాయా అన్నది ఎలా తెలుస్తుంది? షఫుల్ చేసి చూడమని ఆఫీసులో ఒకరు చెప్పారు కానీ దేన్ని షఫుల్ చేయాలో అర్థం కాలేదు.

కొండాపూర్ రైడర్
అన్నా, దారి కన్నా బయల్దేరే టైమ్ ముఖ్యం. కొత్తగూడ ఫ్లైఓవర్ వచ్చాక ఆ జంక్షన్ చాలా నయం. ఎనిమిదింటికే బయటపడితే ఏ దారైనా ఒకటే. తొమ్మిది దాటితే రెండూ నిండిపోతాయి.

విజయ బయోస్టాట్
శ్రీను గారూ, ముందు మీరు అడిగినదానికే వస్తాను. బయల్దేరే టైమ్ గురించి పైన చెప్పింది కూడా పనికొచ్చే మాటే, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

దారి ఏదైనా మీకు పట్టే సమయం మారదని కాసేపు అనుకోండి. అప్పుడు ఆ పది రోజుల్లో ఈ పది సంఖ్యలు ఎలాగూ వచ్చేవే. మొదటి ఐదింటికి కొండాపూర్ అన్న పేరు, మిగతా ఐదింటికి లింగంపల్లి అన్న పేరు ఊరికే అంటుకున్నాయి, అంతే. కాబట్టి షఫుల్ చేయాల్సింది ఆ పేర్లను. పది సంఖ్యలనూ పది చీటీల మీద రాసి కలిపి, ఐదు ఒక పక్క, ఐదు ఇంకో పక్క పెట్టి సగటుల తేడా చూడండి. ఊరికే కలిపినా 5 నిమిషాలు, అంతకన్నా ఎక్కువ తేడా తరచుగా వస్తుంటే, మీకు వచ్చిన 5లో వింతేమీ లేదు.

మీ డేటా చిన్నది కాబట్టి కంప్యూటర్‌తో యాదృచ్ఛికంగా కలపాల్సిన పని కూడా లేదు. పదిలోంచి ఐదు ఎంచుకునే పద్ధతులు మొత్తం 252. అన్నీ చూసేయొచ్చు.

రఫీ
చూసేశాను మేడమ్. కోడ్ ఇదిగో, ఎవరికైనా పనికొస్తుంది.

```python
from itertools import combinations
a = [38, 44, 41, 52, 40]
b = [36, 35, 39, 37, 43]
x = a + b
obs = abs(sum(a) - sum(b)) / 5
k = n = 0
for c in combinations(range(10), 5):
    s = sum(x[i] for i in c)
    d = abs(s - (sum(x) - s)) / 5
    n += 1
    k += d >= obs - 1e-9
print(k, n, k / n)
```

252లో 30 సార్లు తేడా 5 లేదా అంతకన్నా ఎక్కువ. అంటే 0.119, దీన్నే పీ వాల్యూ అంటారు. చివర్లో ఆ `1e-9` ఎందుకంటే, దశాంశాలున్న డేటాలో మన అసలు విభజనే రౌండింగ్ వల్ల వెంట్రుకవాసి తక్కువ అనిపించి లెక్కలోంచి జారిపోతుంది. డేటా పెద్దదై అన్నీ చూడలేకపోతే 9,999 సార్లు షఫుల్ చేసి, అసలు అమరికను కూడా ఒకటిగా కలిపి 10,000తో భాగిస్తాను. అలా చేస్తే పీ వాల్యూ ఎప్పటికీ సున్నా అని రాదు.

డేటా కిరణ్
నాకు వేరే జవాబు వచ్చింది. నేను బూట్‌స్ట్రాప్ చేశాను. కొండాపూర్ ఐదు సంఖ్యల్లోంచి ఐదు తీశాను, తీసినదాన్ని మళ్లీ వెనక్కి వేస్తూ. లింగంపల్లికి కూడా అంతే. ప్రతిసారీ సగటుల తేడా రాసుకుంటూ 10,000 సార్లు చేశాను. మధ్యలో ఉన్న 95 శాతం సుమారు 0.4 నుంచి 10.2 నిమిషాల దాకా వచ్చింది. సున్నా అందులో లేదు కాబట్టి తేడా నిజమే. బూట్‌స్ట్రాప్ కొత్త పద్ధతి, ఎఫ్రాన్ 1979లో తెచ్చింది. షఫుల్ ఆలోచన ఫిషర్ కాలం నాటిది, 1935 నాటి పుస్తకంలోనే ఉంది. నేనైతే కొత్తదాన్నే నమ్ముతాను.

విజయ బయోస్టాట్
కిరణ్ గారూ, మీరు చేసిన విధానం సరైనదే. ఒక్కో దారిలోంచి విడివిడిగా తీయడం కూడా సరైనదే. కానీ ఐదేసి సంఖ్యలతో ఆ అంచులను అంతగా నమ్మలేం. దానికి కారణం ఈ డేటాలోనే కనిపిస్తుంది.

ఆ 52 ఉన్న రోజు చూడండి. ఐదులోంచి ఐదు తీసేటప్పుడు 52 ఒక్కసారి కూడా రాకపోయే అవకాశం 4/5కు ఐదో ఘాతం, అంటే దాదాపు 33 శాతం. మీ 10,000 శాంపిళ్లలో మూడో వంతుకు ఆ జామ్ జరిగినట్టే తెలియదు. మిగతావాటిలో అది ఒకసారో, రెండుసార్లో, మూడుసార్లో వస్తుంది. 60 నిమిషాలు పట్టే రోజు మాత్రం ఏ శాంపిల్‌లోనూ రాదు, ఎందుకంటే మీ దగ్గర ఉన్నవాటినే అది తిప్పి తిప్పి చూపిస్తుంది. పైగా బూట్‌స్ట్రాప్ లెక్క వేరియన్స్‌ను 4తో కాకుండా 5తో భాగించినట్టు అవుతుంది. దాంతో ఊగిసలాట అసలుకన్నా దాదాపు 11 శాతం తక్కువగా కనిపిస్తుంది. రెండు దారుల ఊగిసలాట వేరువేరని తీసుకునే వెల్చ్ టీ పద్ధతిలో చూస్తే ఇదే డేటాకు −1.8 నుంచి 11.8 దాకా వస్తుంది. యాభై, అరవై రోజులుంటే ఈ రెండు లెక్కలూ దగ్గరపడేవి.

అసలు ఈ రెండూ ఒకే ప్రశ్నకు పోటీ పడే పద్ధతులు కావు. పేర్లు మార్చడం "ఏ తేడా లేకపోయినా ఇంత వచ్చేదా?" అని అడుగుతుంది. బూట్‌స్ట్రాప్ "తేడా ఎంత ఉండొచ్చు, ఎంత అటూ ఇటూ ఊగుతుంది?" అని అడుగుతుంది.

డేటా కిరణ్
డేటా చిన్నదని ఒప్పుకుంటాను మేడమ్. కానీ 0.119 అంటే తేడా లేదని కూడా కాదు కదా.

విజయ బయోస్టాట్
కాదు, ఎంతమాత్రం కాదు. ఇలాంటి ఊగిసలాట ఉన్న ఐదేసి రోజుల్లో, నిజంగా 5 నిమిషాల తేడా ఉన్నా అది దొరక్కుండా పోవచ్చు. రోజులు ఇంకా తక్కువైతే తేడా దొరికే అవకాశమే పూర్తిగా మూసుకుపోతుంది. మూడేసి రోజులు తీసుకున్నారనుకోండి, విభజనలు 20 మాత్రమే. రెండు వైపులా చూసే పరీక్షలో అన్నిటికన్నా దూరపు అమరికకు కూడా 20లో 2, అంటే 0.1 వస్తుంది. తేడా నిజమనడానికి మామూలుగా పెట్టుకునే 0.05 గీత కిందకు రావడం అసాధ్యం.

రఫీ గారి 30 విభజనలను కూర్చుని ఒక్కొక్కటిగా చూశాను. ప్రతి దాంట్లోనూ ఎక్కువ సగటు వచ్చిన వైపే 52 ఉంది. అది లేని వైపు ఏ నాలుగైదు పెద్ద సంఖ్యలు పోగేసినా అంత తేడా రాదు. అంటే ఈ జవాబంతా ఒక్క రోజు మీద నిలబడి ఉంది. ఆ రోజు ఏమైంది శ్రీను గారూ?

మియాపూర్ శ్రీను
గట్టి వాన మేడమ్. కొత్తగూడ ముందు నీళ్లు నిలిచి బండ్లన్నీ ఆగిపోయాయి. ఆ రోజును తీసేయాలా?

రఫీ
తీసేస్తే తేడా 2.75కి పడిపోతుంది. తీయకుండా, నిమిషాల బదులు చిన్న నుంచి పెద్దకు 1 నుంచి 10 దాకా ర్యాంకులిచ్చి అదే షఫుల్ చేశాను. అప్పుడు 52 కూడా 44 తర్వాతి ర్యాంకే కదా. 252కి 24, అంటే 0.095 వచ్చింది.

కొండాపూర్ రైడర్
వాన రోజును ఎందుకు తీయాలి? హైదరాబాద్‌లో వానాకాలమంతా మనం బండి నడిపేది ఆ నీళ్లలోనే కదా. ఆఫీసుకు లేటయ్యేది కూడా ఆ రోజే. నాకు సగటుతో పని లేదు, 45 నిమిషాలు దాటే రోజులు ఏ దారిలో ఎక్కువో చెప్తే చాలు.

విజయ బయోస్టాట్
దాన్ని కూడా ఇదే పద్ధతిలో పరీక్షించొచ్చు. సగటు బదులు 45 దాటిన రోజుల లెక్క పెట్టుకుంటే చాలు, షఫుల్ మాత్రం అదే. అయితే ఏది కొలవాలో డేటా చూడకముందే నిర్ణయించుకోవాలి. సగటు, ర్యాంకు, 45 దాటినవి అని అన్నీ చేసి బాగా వచ్చినదాన్ని ఎంచుకుంటే, ఆ ఎంపిక షఫుల్‌లో లెక్కకు రాలేదు కాబట్టి పీ వాల్యూకు అర్థం పోతుంది.

శ్రీను గారూ, ఏ రోజు ఏ దారిలో వెళ్లాలో ఎలా నిర్ణయించుకున్నారు?

మియాపూర్ శ్రీను
మొదటి వారం సోమవారం నుంచి శుక్రవారం దాకా కొండాపూర్. తర్వాతి వారం మొత్తం లింగంపల్లి.

విజయ బయోస్టాట్
అయితే పైన మనం చేసిన 252 విభజనలూ ఇక్కడ వర్తించవు. విడి రోజుల పేర్లు మార్చామంటే, ఆ పేర్లు ఒక్కో రోజుకు విడిగా, యాదృచ్ఛికంగా పడ్డాయని ఒప్పుకున్నట్టే. మీకు పేరు పడింది వారానికి. ఒక వారం వానలు, ఇంకో వారం స్కూళ్లకు సెలవు ఉంటే ఐదు రోజులూ కలిసే మారతాయి. నిజంగా మార్చగలిగింది రెండు వారాల పేర్లు. అందులో రెండే అమరికలున్నాయి, ఏ పరీక్షకూ అది చాలదు. బూట్‌స్ట్రాప్‌కూ ఇదే అడ్డంకి, అది కూడా రోజులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివనే అనుకుంటుంది.

సుధ టీచర్
మేడమ్, మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా స్కూల్లో ఏడో తరగతి రెండు సెక్షన్లు, ఏ, బీ. ఏ సెక్షన్‌కు భిన్నాలు కొత్త పద్ధతిలో చెప్పాను, బీ సెక్షన్‌కు పాత పద్ధతి. పిల్లలు దాదాపు డెబ్బై మంది. నాకు డేటా బాగానే ఉంది కదా, పిల్లల పేర్లు షఫుల్ చేసుకోవచ్చా?

విజయ బయోస్టాట్
సుధ గారూ, మీదీ అదే చిక్కు. పద్ధతి పడింది పిల్లలకు కాదు, సెక్షన్లకు. ఏ సెక్షన్‌కు పొద్దున మొదటి పీరియడ్ ఉండొచ్చు, బీ సెక్షన్‌కు భోజనం తర్వాత ఉండొచ్చు. పిల్లల్ని షఫుల్ చేస్తే పీ వాల్యూ చాలా చిన్నగా రావచ్చు, కానీ అది చెప్పేది రెండు సెక్షన్లు వేరని మాత్రమే. పద్ధతి వల్లే వేరయ్యాయని చెప్పదు. కనీసం ఏడెనిమిది సెక్షన్లు ఉండి, ఏవి ఏ పద్ధతికో చీటీలతో పడితే సెక్షన్లను షఫుల్ చేయొచ్చు.

సుధ టీచర్
మా స్కూల్లో అన్ని సెక్షన్లు లేవు. ఒకే సెక్షన్‌లో పాఠాలను వంతులవారీగా రెండు పద్ధతుల్లో చెప్పి చూస్తే? పాఠాల కష్టం వేరు కదా, అదే ఆలోచిస్తున్నాను.

మియాపూర్ శ్రీను
మరి నేను మళ్లీ ఎలా మొదలుపెట్టాలి మేడమ్?

విజయ బయోస్టాట్
పక్కపక్క పనిరోజులను జతలు చేయండి. ప్రతి జతకూ ముందు రాత్రి నాణెం వేయండి. బొమ్మ పడితే మొదటి రోజు కొండాపూర్, రెండో రోజు లింగంపల్లి. బొరుసు పడితే తిరగేయండి. రైడర్ గారు చెప్పినట్టు ప్రతిరోజూ ఒకే టైమ్‌కు బయల్దేరండి, లేకపోతే ఆ ఊగిసలాట కింద దారి తేడా కనిపించదు. పది జతలంటే ఇరవై పనిరోజులు. ఒక్కో జతలో తేడా తీసి, జతలోపలే పేర్లు తిప్పితే ఆ తేడా గుర్తు మారుతుంది. మొత్తం 1,024 అమరికలు, అన్నీ చూడొచ్చు. వారం మొత్తం వాన పడినా జతలో రెండు రోజులూ దాదాపు ఒకేలా తడుస్తాయి.

రఫీ
శుక్రవారం, సోమవారం ఒక జతలో పడితే? ఐటీ ఆఫీసులకు శుక్రవారం ట్రాఫిక్ తక్కువ.

విజయ బయోస్టాట్
నాణెం వేస్తున్నంతవరకు పరీక్ష చెల్లుతుంది, ఆ జతలో తేడా మాత్రం ఎక్కువగా ఊగుతుంది. శుక్రవారాలను వదిలేయడమా, ఒక శుక్రవారాన్ని తర్వాతి శుక్రవారంతో జత చేయడమా అన్నది శ్రీను గారి వీలు. నేనైతే రెండోదే చేస్తాను.

డేటా కిరణ్
నేను శుక్రవారాలు పూర్తిగా వదిలేస్తాను. వారం తేడాతో జత చేస్తే వాన సంగతి మళ్లీ మొదటికొస్తుంది.

మియాపూర్ శ్రీను
ఇంకో సందేహం. నాణెం కొండాపూర్ అని చెప్పింది, పొద్దున్నే వాన కొడుతోంది, నేను లింగంపల్లి మీదుగా వెళ్లిపోయాను. ఆ రోజును ఏ దారి కింద రాయాలి?

విజయ బయోస్టాట్
నాణెం చెప్పిన దారి కిందే, కొండాపూర్ అని రాయండి. మీరు నిజంగా ఏ దారిలో వెళ్లారో పక్కన ఇంకో వరుసలో గుర్తుపెట్టండి. అలాంటి రోజులు ఎక్కువైతే తేడా అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది. అదే లింగంపల్లి కిందకు మారిస్తే, వాన రోజులన్నీ ఒకే దారి ఖాతాలో పడతాయి.