3:2 లెక్క తప్పితే డొక్కలో పోటు వస్తుందా?

మద్దిలపాలెం కిరణ్: ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు పరిగెడతాను. తెన్నేటి పార్క్ దాటేలోపే కుడి డొక్కలో పోటు. మూడు అడుగులకు పీల్చి, రెండు అడుగులకు వదలమని మా గ్రూపులో అంటున్నారు. నిజంగా పనిచేస్తుందా?

భీమిలి మాస్టారు: పనిచేస్తుంది, కళ్లు మూసుకుని చెయ్యి. రెండు పీల్చి రెండు వదిలితే మొత్తం నాలుగు అడుగులు. అంటే ఊపిరి వదలడం ప్రతిసారీ ఒకే కాలి మీద మొదలవుతుంది. అప్పుడే డయాఫ్రం వదులై పైకి లేస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో కుడికాలు నేలకు కొడితే, డయాఫ్రానికి వేలాడుతున్న కాలేయం దాన్ని కిందికి లాగుతుంది. అదే నీ పోటు. ఐదు అడుగుల లెక్కలో కాలు మారుతూ ఉంటుంది.

ఎండాడ సుధ: కాలు మారుతుందన్న లెక్క కరెక్టే మాస్టారూ. కాలేయం కథ దగ్గరే నాకు ఇబ్బంది. ఇదే పోటు ఈతగాళ్లకీ వస్తుంది. నీళ్లలో అడుగు ఎక్కడ పడుతుంది? పొట్ట లోపలి పొర రాపిడికి గురవుతుందనేది ఇంకో వాదన. కడుపు నిండా తిని పరిగెత్తితే పోటు ఎక్కువ కావడానికి అదైతే కొంచెం అతుకుతుంది.

గాజువాక బాబి: నాకు ఎడమ పక్క వస్తుంది. గ్యాస్ అంటారా?

భీమిలి మాస్టారు: ఈత సంగతి ఎవడడిగాడమ్మా? పరిగెత్తే వాడి గురించి చెప్పు.

ఎండాడ సుధ: సరే, పరుగే. 1983లో బ్రాంబుల్, క్యారియర్ అనే ఇద్దరు జంతువుల పరుగునీ మనుషుల పరుగునీ పోల్చి చూశారు. దౌడు తీసే గుర్రం గెంతుకో ఊపిరి తీస్తుంది, దానికి వేరే దారి లేదు. రెండు కాళ్ల మీద నిలబడ్డ మనకు ఆ కట్టుబాటు లేదు, రకరకాల లెక్కలు వాడతాం. ఎక్కువగా కనిపించింది నాలుగు అడుగులకు ఒక ఊపిరి. అంటే మీరు తప్పంటున్న 2:2యే. కిరణ్, మీ వాచీలో నిమిషానికి ఎన్ని అడుగులు చూపిస్తోంది?

మద్దిలపాలెం కిరణ్: 168 మేడం.

ఎండాడ సుధ: ఐదుతో భాగించండి. నిమిషానికి దాదాపు 34 ఊపిర్లు. చదును రోడ్డు మీద నెమ్మదిగా వెళ్తే చాలు. కైలాసగిరి ఎక్కేటప్పుడు చాలదు. అక్కడా 34 దగ్గరే ఆగితే ప్రతి ఊపిరీ పెద్దదవ్వాలి. డయాఫ్రం ఇంకా కిందికి దిగాలి, కింది పక్కటెముకలు బకెట్ పిడి ఎత్తినట్టు పక్కలకు తెరుచుకోవాలి. ఒక హద్దు దాటాక ఊపిరి సాగదు, మెడ కండరాలు బిగుస్తాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. అలా లేచాయంటే లెక్క మార్చాలని గుర్తు. నాలుగు అడుగులకైతే 42, మూడు అడుగులకైతే 56.

మద్దిలపాలెం కిరణ్: భుజాలు లేస్తాయి నిజమే. గ్రూపులో లెక్క తప్పితే పక్కన నిలబెడతారు మేడం. నిన్న పదిమంది ముందు నిలబెట్టారు. పోటు కంటే అదే ఎక్కువ బాధ.

భీమిలి మాస్టారు: నిలబెట్టాలి! కొత్తవాళ్లంతా మొదటి కిలోమీటరే పందెంలా పోతారు. 3:2లో ఉంటే వేగం పెరగ్గానే ఊపిరి అందదు, వాడే తగ్గుతాడు. ముప్పై ఏళ్లుగా పిల్లల్ని పరిగెత్తిస్తున్నాను, గూగుల్ చూసి మాట్లాడట్లేదు.

ఎండాడ సుధ: నేనూ ఫిజియోథెరపీ చదివాను, గూగుల్ కాదు. అయినా ఇప్పుడు అసలు మాట చెప్పారు. మీకు ఆ లెక్క వేగాన్ని పట్టే కళ్లెం. అలా చెబితే నాకు పేచీయే లేదు. కాలేయాన్ని కాపాడుతుందని చెప్పి, గుట్ట ఎక్కేవాణ్ని కూడా నిలబెడితేనే గొడవ.

రుషికొండ రాజు: అడుగు పడ్డప్పుడు పొట్టలోవి ఊగి గాలిని తోస్తాయంటారు కదా. అలాంటప్పుడు లెక్క ఉపయోగమేగా?

ఎండాడ సుధ: అడుగు ఊపు ఊపిరిని ఎంత కదిలిస్తుందనే దాని మీద కొలిచినవాళ్లే ఒక మాట మీద లేరు. 1992లో ఒక బృందం లెక్కలోకి రానంత తక్కువంది, 2013లో ఇంకో బృందం అంత తక్కువేమీ కాదంది. కిరణ్, ఫోన్ బెల్ట్ ఎక్కడ కడతారు?

మద్దిలపాలెం కిరణ్: ఊగకుండా పక్కటెముకల కిందే, బిగించి. బయల్దేరే ముందు పెద్ద గ్లాసు మజ్జిగ కూడా.

ఎండాడ సుధ: తెరుచుకోవాల్సిన ఎముకల్నే కట్టేశారు. బెల్ట్ తుంటి మీదికి దించండి. మజ్జిగ పరుగు అయ్యాక.

మద్దిలపాలెం కిరణ్: ఆదివారం బెల్ట్ దించి, మజ్జిగ మాని, ఏ లెక్కా పెట్టకుండా వెళ్లాను. రుషికొండ దాకా పోటు లేదు.

భీమిలి మాస్టారు: ఒక్క ఆదివారానికే? వచ్చే వారం 3:2తో అలాగే వెళ్లి, అప్పుడు రాయి.

గాజువాక బాబి: నా ఎడమ పక్క సంగతి ఎవరూ చెప్పలేదు.