ఆడిట్ రిపోర్ట్ నుంచి టేబుల్ తీస్తున్నా, కరెక్టివ్ యాక్షన్ కాలమ్‌లో ఎవరి మాట రాయాలి?

కొత్త_సీటు: 38 పేజీల ఇంటర్నల్ ఆడిట్ రిపోర్ట్ పీడీఎఫ్ ఇచ్చి ఫైండింగ్, రిస్క్, కరెక్టివ్ యాక్షన్ అని మూడు కాలమ్‌లతో టేబుల్ చెయ్యమన్నారు. మొత్తం 14 అబ్జర్వేషన్లు. 4వది దగ్గర ఆగిపోయా. 60 వెండర్ బిల్లులు చూస్తే 7 బిల్లులకి సరుకు వచ్చిన రసీదు లేకుండానే డబ్బు కట్టేశారు, ఇంకో 2 బిల్లులకి రెండుసార్లు కట్టారు. ముందు సమ్మరీలో రిస్క్ High అనుంది, లోపల 17వ పేజీలో Medium అనుంది. ఆడిటర్ ఏమో సిస్టమ్‌లో అదే బిల్లు నంబర్ మళ్ళీ ఎక్కకుండా బ్లాక్ పెట్టమన్నాడు, మేనేజ్‌మెంట్ జవాబేమో "ఎక్కువ కట్టింది వెనక్కి తెచ్చాం, సిబ్బందికి చెప్తాం" అని. ఏది రాయాలి? కాపీ చేస్తుంటే లైన్లు కూడా విరిగిపోతున్నాయి.

ఫైల్_పిచ్చి: లైన్లు విరగడం పర్లేదు, కనిపిస్తుంది కాబట్టి సరిచేసుకోవచ్చు. మా రిపోర్ట్‌లో రిస్క్‌కి అక్షరాలే లేవండీ, ఎర్ర చుక్క పసుపు చుక్క అంతే, కాపీ చేస్తే ఆ కాలమ్ మొత్తం ఖాళీ. అది చూసుకోకుండా పంపేశా, మీటింగ్‌లో అందరి ముందూ అడిగారు. పక్కన పీడీఎఫ్ తెరిచి పెట్టుకుని రంగు చూస్తూ చేత్తో టైప్ చెయ్యడమే.

పదహారేళ్ళ_ఆడిట్: నేను ఇలాంటి రిపోర్ట్‌లు పదహారేళ్ళుగా రాస్తున్నా. కరెక్టివ్ యాక్షన్ అంటే మేనేజ్‌మెంట్ చేస్తానని ఒప్పుకున్నది. ఆడిటర్ రికమెండేషన్ సలహా మాత్రమే, దాన్ని ఆ కాలమ్‌లో పెడితే వాళ్ళు ఇవ్వని మాట ఇచ్చినట్టు అవుతుంది.

ప్లాంట్_క్వాలిటీ: అయితే "డబ్బు వెనక్కి తెచ్చాం" అన్నదాన్ని కరెక్టివ్ యాక్షన్ అని రాసేస్తారా సార్? అది జరిగిన తప్పుని సరిదిద్దడం, కరెక్షన్. ఆ తప్పు మళ్ళీ జరగకుండా కారణాన్ని తీసేస్తేనే కరెక్టివ్ యాక్షన్. ఐఎస్ఓ 9000లో రెండూ వేరువేరుగా ఉన్నాయి.

పదహారేళ్ళ_ఆడిట్: ఇది క్వాలిటీ ఆడిట్ కాదు. రిపోర్ట్‌లో ఉన్నది తీసి పెట్టమన్నారు, దిద్దమనలేదు.

ప్లాంట్_క్వాలిటీ: దిద్దమని నేనెప్పుడన్నాను? ఉన్నదానికి సరైన పేరు పెట్టమంటున్నా. "సిబ్బందికి చెప్తాం" అని రాసి ఆ వరస క్లోజ్ చేశాక అదే బిల్లు మూడోసారి కడితే ఎవరిది బాధ్యత? పదహారేళ్ళు అంటే సరిపోదండీ.

పదహారేళ్ళ_ఆడిట్: వ్యక్తిగతంగా వెళ్ళొద్దు. జవాబు బలహీనంగా ఉంటే అది ఆడిటర్ పోట్లాడాల్సిన విషయం, టేబుల్ చేసేవాళ్ళది కాదు.

స్టోర్స్_అక్క: మీరిద్దరూ గొడవ పడుతున్న ఈ విషయంలోనే నాకు నిజంగా దెబ్బ తగిలింది. నేను రికమెండేషన్ అంతా కరెక్టివ్ యాక్షన్‌లోకి ఎక్కించేశా. ఆర్నెల్ల తర్వాత ఫాలో అప్‌కి వచ్చినవాళ్ళు ఆ టేబుల్ పట్టుకుని "చెయ్యలేదు" అని రాసి వెళ్ళారు, అసలు మా డిపార్ట్‌మెంట్ దానికి ఒప్పుకోనే లేదు. అప్పట్నించి నాలుగో కాలమ్ పెట్టి రికమెండేషన్ విడిగా రాస్తున్నా. తమ్ముడూ, మూడే కాలమ్‌లు అన్నా సరే, ఇంకోటి పెట్టు.

టక్కున_చెప్తా: రిస్క్‌కి High రాసెయ్ బ్రదర్, పెద్దది రాస్తే ఎవరూ తప్పు పట్టరు.

పదహారేళ్ళ_ఆడిట్: పడతారు. High ఎన్ని ఉన్నాయో పై కమిటీకి వెళ్తుంది. చాలాసార్లు జరిగేదేంటంటే డ్రాఫ్ట్‌లో ఒక రేటింగ్ ఉంటుంది, మేనేజ్‌మెంట్‌తో మాట్లాడాక మారుస్తారు, ఒకచోట మార్చి రెండోచోట మర్చిపోతారు. ఏది పాతదో నువ్వు ఊహించకు. రెండూ పేజీ నంబర్లతో రాసి ఆడిటర్‌కి మెయిల్ పెట్టు. సమ్మరీలో ఏది ఎన్ని అని లెక్క ఇస్తారు కదా, దాంతో నీ టేబుల్ సరిచూడు:

```
=COUNTIF(B:B,"High")
```

ఫైల్_పిచ్చి: పీడీఎఫ్ నుంచి వచ్చిన "High" చివర ఖాళీ స్పేస్ ఉంటే అది లెక్కలోకి రాదు. ఒకటి తగ్గిందని రిపోర్ట్ అంతా మళ్ళీ చదివా ఒకసారి. ముందు `TRIM` కొట్టండి.

ప్లాంట్_క్వాలిటీ: రసీదు లేకపోవడం, రెండుసార్లు కట్టడం ఒకే వరసలో పెట్టకండి. కారణాలు వేరు, ఒకటి సరిచేస్తే రెండోది పోదు.

పదహారేళ్ళ_ఆడిట్: ఇది ఒప్పుకుంటా. కానీ 4.1, 4.2 అని నంబర్ ఉంచాలి, లేకపోతే 14 కాస్తా 15 అయిపోయి అడిగినవాళ్ళకి జవాబు చెప్పుకోలేవు.

కొత్త_సీటు: ఆడిటర్ జవాబిచ్చారు, Medium అనేది డ్రాఫ్ట్‌లోది, High ఖాయం. 4.1, 4.2గా విడగొట్టా, రెండింటికీ High. అక్క చెప్పినట్టు రికమెండేషన్‌కి నాలుగో కాలమ్ పెట్టా. ఇప్పుడు చూస్తే 4.1కి, అంటే రసీదు లేని 7 బిల్లులకి, మేనేజ్‌మెంట్ అసలు ఏమీ చెప్పలేదు, జవాబంతా రెండుసార్లు కట్టినదాని గురించే. విడగొట్టకపోతే నాకు కనపడేది కాదు. అక్కడ "జవాబు లేదు" అని రాసి పంపేశా.

స్టోర్స్_అక్క: అదే కరెక్ట్. పోయినేడాది రిపోర్ట్‌లో ఉన్న అబ్జర్వేషనే మళ్ళీ వస్తే కొత్త నంబర్ ఇస్తారా పాతదే ఉంచుతారా ఎవరైనా? మా దాంట్లో అలాంటివి మూడున్నాయి.