"సాధనమున పనులు సమకూరు": ఇందులో సమకూరు అంటే కలవడమా, నెరవేరడమా?

శారద
అందరికీ నమస్తే. వేమన పద్యంలో ఒక పాదం రెండ్రోజులుగా వదలట్లేదు. "సాధనమున పనులు సమకూరు ధరలోన" అనే కదా, లేక "సమకూరును" నా? మా అమ్మమ్మ నోట రెండోదే విన్నట్టు గుర్తు. ఎందుకు అడుగుతున్నానంటే నా పీహెచ్‌డీ తెలుగులో రాస్తున్నా, టాపిక్ ఎనిమిదో తరగతి పిల్లల ఇంటిపని, విద్యా సాధన. ముందు సర్వే, మార్కులు, ఆ తర్వాత ఇంటర్వ్యూలు. ఈ రెండు రకాల దత్తాంశాలు ఎక్కడ ఎలా కలుస్తాయో చెప్పే భాగానికి అందరూ "సమన్వయం" అని పెడుతున్నారు, నాకేమో అది గొడవపడ్డ ఇద్దరికి రాజీ కుదిర్చినట్టు వినిపిస్తోంది. వేమన మాట తీసుకుని "సమకూర్పు" అందామని ఆశ. ఆ పద్యంలో సమకూరు అంటే కలవడమేనా?

రమణమూర్తి
"సమకూరు" నే తల్లీ. ఆటవెలది మూడో పాదం కదా, సాధ, నమున, పనులు అని మూడు సూర్యగణాలు, సమకూరు, ధరలోన అని రెండు ఇంద్రగణాలు. సమకూరు సలం. "సమకూరును" అంటే ఏ ఇంద్రగణంలోనూ ఇమడదు. యతి కూడా సా, స అని హాయిగా పడింది. అర్థం మాత్రం నెరవేరడం. పనులు నెరవేరతాయి అంటున్నాడు, రెండు వస్తువులు కలుస్తాయని కాదు.

సుజాత
గురువుగారూ, కూరు, కూర్చు, కూర్పు అన్నీ ఒక కుటుంబమే కదండీ. పూసలు కూర్చడం అంటాం. పెళ్లికి డబ్బు సమకూరింది అంటే నాలుగు చోట్ల నుంచి వచ్చి ఒకచోట చేరిందనే కదా. చేరడం వల్లే నెరవేరడం. శారద మాట నాకు నచ్చింది.

సుధీర్
ఇంత అవసరం లేదండీ. రెండు పద్ధతులు ఎందుకు వాడతారు, ఒకదాన్ని ఇంకోదానితో చెక్ చేయడానికి. సర్వేలో వచ్చిందే ఇంటర్వ్యూలో కూడా వస్తే అది నిజం. అందుకని "సరిపోల్చడం" అని రాసేయండి, అయిపోయింది.

విజయలక్ష్మి
సుధీర్ గారూ, మీరు చెప్పింది రెండూ ఒకేసారి సేకరించి పక్కపక్కన పెట్టే డిజైన్‌లో కొంతవరకు నిజం, శారదది అది కాదు. ఆమెది వరుస డిజైన్, మొదటిది పూర్తయ్యాక దానిలోంచి రెండోది పుడుతుంది. పోయినేడాది మార్కులు, ఇంటిపనికి రోజూ పట్టే నిమిషాలు ఈ రెండిటిని బట్టి ఈ పిల్లకి ఇన్ని మార్కులు రావాలి అని ఒక అంచనా వస్తుంది కదా, ఆ అంచనాకి బాగా పైన ఉన్న నలుగురు, బాగా కింద ఉన్న నలుగురు, సరిగ్గా గీత మీదున్న నలుగురు, వీళ్లనే ఇంటర్వ్యూ చేయాలి. అంటే అంకెలే మనిషిని ఎంచి పెడుతున్నాయి. మొదటి కలయిక అక్కడే జరిగిపోయింది, ఇంకా ఒక్క మాటైనా రికార్డ్ చేయకముందే. చాలా థీసిసుల్లో ఇది ఉండదు, నాలుగో చాప్టర్ సర్వే, ఐదో చాప్టర్ ఇంటర్వ్యూలు, ఆరో చాప్టర్ మొదట్లో "పై రెండింటినీ సమన్వయించగా" అని ఒక్క వాక్యం. నేనైతే ఐదో చాప్టర్ తీసేసి ముగింపు చదువుతా. ఒక్క మాట కూడా మారకపోతే అక్కడ ఏదీ కలవలేదన్నట్టే.

ఇక్బాల్ మాస్టారు
హోంవర్క్ మంచిదా కాదా అని అడుగుతున్నారు కాబట్టి నా అనుభవం చెప్తాను. మా ఎనిమిదో తరగతిలో ఒక అబ్బాయి, లెక్కలు హోంవర్క్‌కి రోజూ రెండు గంటలు అని డైరీలో రాసేవాడు, మార్కులు చూస్తే అత్తెసరు. బద్ధకంగా అబద్ధం రాస్తున్నాడనుకున్నా. ఒకరోజు పక్కన కూర్చోబెట్టి అడిగితే, ఆరు గంటలకి పుస్తకం తెరుస్తాడట, మొదటి లెక్క దగ్గరే ఆగిపోతాడట, అక్క షాపులో పని నుంచి ఏడున్నరకి వచ్చి చెప్పేదాకా ఆ పేజీ ముందే కూర్చుంటాడట. రెండు గంటల్లో లెక్కలు చేసింది అరగంట. వాడు రాసింది నిజమే.

విజయలక్ష్మి
మాస్టారూ, ప్రశ్న అది కాదు గానీ మీరు చెప్పింది ఆ ప్రశ్నకి గుండెకాయ. సర్వే ఫారంలో ఆ అబ్బాయి 120 నిమిషాలు, గంట లెక్కలు సొంతంగా చేసుకున్న అమ్మాయి 60 నిమిషాలు. అంకెల్లో చూస్తే ఎక్కువసేపు చేసినవాడికి తక్కువ మార్కులు, కాబట్టి ఇంటిపని చెడ్డది అని తేలుతుంది. పెద్ద సమీక్షలు కూడా ఈ నిమిషాల మీదే నడిచాయి, 2006లో హారిస్ కూపర్ బృందం చూసినప్పుడు ప్రైమరీలో సంబంధం దాదాపు లేనట్టే, ఏడో తరగతి నుంచి పైన కాస్త గట్టిగా కనపడింది, ఎందుకో ఆ అంకెలంతట అవి చెప్పలేవు. శారదా, నువ్వు ఒక పట్టిక గీయి. ఒక్కో పిల్లకి ఒక్కో అడ్డవరుస, మొదటి గడిలో నిమిషాలు, మార్కులు, అంచనాకి పైనా కిందా, రెండో గడిలో వాడి సొంత మాట, "అక్క వచ్చేదాకా కూర్చుంటా". మూడో గడిలో ఈ రెండూ కలిపితేనే తెలిసేది, అంటే నిమిషాల్లో ఎదురుచూపు కూడా కలిసిపోయింది అని. ఆ మూడో గడి కోసమే ఇంత శ్రమ. అది ఖాళీగా ఉంటే దాచకు, రెండూ పొసగలేదని అక్కడే రాయి. ఏది తప్పో తేల్చేయాలని తొందరపడకు.

సుధీర్
సరే, చెక్ చేయడం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పన్నెండు మంది మాటల్తో మొత్తం పిల్లల గురించి ఎలా చెప్తారు?

విజయలక్ష్మి
చెప్పలేం. ఎంతమంది అలా ఆగిపోతున్నారో పన్నెండు మందితో తెలియదు, "మొదటి లెక్క దగ్గర ఆగితే ఎవరిని అడుగుతావు" అన్న ప్రశ్న తర్వాతి సర్వేలో పెట్టాలని మాత్రం తెలుస్తుంది.

సుజాత
నాకు ఇంకో మాట తోస్తోంది. ఈ రెండు రకాల దత్తాంశాలని "పాయలు" అంటే? జడకి పాయలు ఉంటాయి కదా, ఒకదాని మీంచి ఒకటి తీసి అల్లితేనే జడ. అప్పుడు ఆ భాగం పేరు "అల్లిక".

రమణమూర్తి
పాయ వద్దమ్మా. గోదావరి ఏడు పాయలు అంటే చీలి సముద్రంలో వేరువేరుగా కలిసేవి. పాయ అనగానే నా కళ్ల ముందు విడిపోవడమే కనిపిస్తుంది. "పేట" అనండి, రెండు పేటలు కలిపి పురి పెడితే తాడు.

సుజాత
పేట అంటే ఈ రోజుల్లో ఊళ్లో పేటే అనుకుంటారండీ, లేదా గొలుసు పేట. జడ వేసుకునే ఏ ఆడపిల్లనైనా అడగండి పాయ అంటే ఏంటో. విజయ చెప్పింది కూడా అల్లికే, సర్వే పాయ వచ్చి ఇంటర్వ్యూ పాయని లాగింది, అది మళ్లీ సర్వే ప్రశ్నని మార్చింది.

ఇక్బాల్ మాస్టారు
మీరంతా ఒకటి గమనించారా, బీఎడ్ పుస్తకాల్లో అచీవ్‌మెంట్‌ని "సాధన" అంటాం, సాధన నికష అని పరీక్ష కూడా ఉంది. వేమన సాధనం అంటే అభ్యాసం. అంటే ఆ పద్యంలో సాధన ఇంటిపని, శారద గారి టైటిల్లో సాధన మార్కులు. చదివేవాడు ఏది పట్టుకోవాలి?

రమణమూర్తి
బాగా పట్టారు మాస్టారూ. పైగా ఈ రోజు సాధనం అంటే పనిముట్టు. అసలు పద్యం చూడండి, అనగ అనగ, తినగ తినగ, రెండు పాదాల్లో మాటనే రెండుసార్లు తిప్పించి మన చేత అభ్యాసం చేయించి, మూడో పాదానికి వచ్చాకే సాధనం అన్న మాట బయటపెట్టాడు. ఆయన దగ్గర నాకు నచ్చేది ఇదే, చెప్పేముందు చేయించడం. కాకపోతే "అక్క వచ్చేదాకా కూర్చుంటా" అన్న ఆ పిల్లవాడికి వేము ఎలా తియ్యనవుతుంది, వాడింకా తినడమే మొదలుపెట్టలేదు.

శారద
మాస్టారూ, టైటిల్ సంగతి నాకు తట్టనేలేదు. "సాధన" అలాగే ఉంచి పద్యం తీసేయాలేమో, మనసొప్పట్లేదు. విజయక్కా ఒక డౌటు. పిల్లలు భయం లేకుండా రాస్తారని సర్వేలో పేరు వద్దనుకున్నా. మరి అంచనాకి పైనా కిందా ఉన్నవాళ్లని ఎలా వెతకాలి?

విజయలక్ష్మి
వెతకలేవు. అక్కడే డిజైన్ చచ్చిపోతుంది, నేను చూసినవాటిలో ఎక్కువ ఇక్కడే పోయాయి. పేరు వద్దు, కోడ్ నంబర్ పెట్టు, ఏ కోడ్ ఎవరిదో వేరే కాగితంలో రాసి నీ దగ్గర తాళం వేసి ఉంచు. ఆ సంగతి పిల్లలకీ తల్లిదండ్రులకీ ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకో. ఇంకోటి, సర్వేకీ ఇంటర్వ్యూకీ మధ్య రెండు మూడు వారాలు దాటనివ్వకు. దసరా సెలవుల తర్వాత వెళ్లి ఆ రోజు ఇంటిపని ఎలా చేశావు అంటే ఏ పిల్లాడికి గుర్తుంటుంది.

శారద
ఫారాలు ఇంకా ప్రింట్‌కి పోలేదు, కుడిపక్క పైన కోడ్ గడి పెడుతున్నా. భాగం పేరు మాత్రం సమకూర్పా, అల్లికా అన్నది ఇంకా తేలలేదు, మా గైడ్ గారికి రెండూ పంపిస్తా.

రమణమూర్తి
పంపు తల్లీ. సమకూర్పు అని పెడితే మాత్రం అది వేమన అర్థం కాదని కింద ఒక ముక్క రాయి.

సుజాత
వేమన అర్థమే గురువుగారూ. డబ్బు సమకూరింది అన్నదానికి మీరింకా జవాబు చెప్పలేదు.