మా ఫ్లాటా, మన ఫ్లాటా? కొత్త కాపురంలో ఒక సందేహం

గోదారి కోడలు: పెళ్ళై ఇంకా ఏడాది కాలేదు. పెద్దలు కుదిర్చిన సంబంధం. పెళ్ళిచూపులు, తాంబూలాల తర్వాత ఫోన్లో కాస్త మాటలు, అంతే మా పరిచయం. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇద్దరమే అద్దెకుంటున్నాం. ఆయన నాతో "మా ఇంట్లో పప్పుచారులో బెల్లం వెయ్యరు" అంటారు, అది వాళ్ళ అమ్మగారి ఇల్లు కాబట్టి సరే. కానీ మొన్న నాతోనే "మా ఫ్లాట్ ఓనర్ ఫోన్ చేశాడు" అన్నారు. నేనూ ఉంటున్నది అందులోనే కదండీ! దీనికి బాధపడాలా, భాషలో అలవాటే అనుకుని వదిలెయ్యాలా?

సిరిసిల్ల తమ్ముడు: అక్కా, గింత దానికి టెన్షన్ ఎందుకు? 'మా' అంటే 'నా'కు మర్యాద మాట. ఒక్కడే కొడుకైనా 'నా అమ్మ' అనడు, 'మా అమ్మ' అనే అంటాడు. మా ఆవిడ, మా ఊరు, మా బాస్, అన్నీ అంతే. మీ ఆయన కూడా అట్లనే అన్నడు.

పాత పంతులు: తమ్ముడు చెప్పింది నిజమే గానీ సగమే. చుట్టాలకి, ఊరికి, ఇంటికి 'నా' బదులు 'మా' వాడతాం, ఒప్పుకుంటాను. అయితే అది వినేవాళ్ళకి అందులో వాటా లేనప్పుడు. మీ సొంత అన్నయ్యతో "మా అమ్మకి జ్వరం" అని చూడు, "నాకు అమ్మ కాదా?" అని తగులుకుంటాడు. వాటా ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు 'మన' అనాలి, లేదా ఏదీ తగిలించకుండా 'అమ్మకి జ్వరం' అనాలి. కాబట్టి ఫ్లాట్ విషయంలో ఈ అమ్మాయికి తేడా వినిపించడం సహజమే. అతను కావాలని అన్నాడని మాత్రం నేను అనను. నిన్నమొన్నటిదాకా ఆ ఫ్లాట్ గురించి ఎవరితో చెప్పినా 'మా' అనే చెప్పి ఉంటాడు, నోటికి అదే అలవాటై ఉంటుంది. పెళ్ళికి ముందు నుంచీ అక్కడే ఉంటున్నాడా?

గోదారి కోడలు: అవునండీ, ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఉండేవారు. పెళ్ళికి ముందు వాళ్ళు ఖాళీ చేశారు. ఇంకో సంగతి, ఆయన చదువంతా బెంగళూరులోనే.

బెంగళూరు తెలుగోడు: అదే కారణం! కన్నడంలో 'నమ్మ' ఒక్కటే, మా అన్నా మన అన్నా అదే. ఇక్కడ పెరిగిన మేం చాలామందిమి కలిపేస్తాం.

పాత పంతులు: కావచ్చు. కానీ కన్నడ ప్రభావమైతే తేడా రెండువైపులా రావాలి కదా, బయటివాళ్ళతో కూడా "మన ఇంటికి రండి" అనాలి. ఆయన అలా అంటారా? ఒక్క వాక్యం పట్టుకుని తేల్చలేం.

విజయవాడ ఉద్యోగి: మేడమ్, పెళ్ళయ్యాక ఇంటిపేరు మార్చుకోవడం తప్పనిసరి కాదు. మా చెల్లి మార్చుకోలేదు, ఏ ఇబ్బందీ రాలేదు.

గోదారి కోడలు: అన్నగారూ, నేనడిగింది ఇంటిపేరు గురించి కాదు :)

అనంతపురం అత్త: నీకు మొగుడి మాట గుచ్చుకుందమ్మా, నాకు మా అమ్మ మాటే గుచ్చుకుంది. తొలి ఆషాఢానికి పుట్టింటికి వెళ్తే, పెరుగు వేస్తూ "మీ ఇంట్లో కూడా ఇలాగే తోడు పెడతారా?" అంది. మీ ఇంట్లో! మూడుముళ్ళు పడ్డాయో లేదో 'మన' కాస్తా 'మీ' అయిపోయింది. అటు అత్తగారేమో కోపం వస్తే "మా ఇంట్లో ఇలాంటివి లేవు" అనేది, చుట్టాల ముందు మాత్రం "మన ఇంటి కోడలు". ఇక మావారి సంగతంటావా, మా మధ్య మార్పు నాకు ముందు తెలిసింది క్రియలో. మొదట్లో "తింటారా", "వెళ్తారా" అని నేను, "వస్తావా" అని ఆయన. "తిందాం పద" అనడానికి చాలా నెలలు పట్టింది.

పాత పంతులు: అత్తగారు మంచి చోట పట్టుకున్నారు. "తింటాం" అంటే మేమూ కావచ్చు, మనమూ కావచ్చు, క్రియ చూసి చెప్పలేం. "తిందాం" అలా కాదు, అందులో వినేవాళ్ళు ఉండి తీరాలి. "మేము తిందాం" అని ఏ తెలుగువాడూ అనడు. మీ ఆయన "సినిమాకి వెళ్దాం" అంటున్నాడా? అంటే ఫ్లాట్ ఓనర్ని పట్టించుకోకు.

గోదారి కోడలు: అంటారు. కూరగాయలకి కూడా "వెళ్దాం" అనే అంటారు, మోసేది మాత్రం నేను. సరే, ఇప్పుడు నా తప్పు కూడా అడుగుతాను. నిన్న ఫోన్లో అత్తయ్యగారితో "పండక్కి మా ఇంటికి రండి" అన్నాను. అటు కాసేపు మాట లేదు. మరి వాళ్ళ కొడుకు ఇంటిని ఆవిడతో ఏమనాలి?

సిరిసిల్ల తమ్ముడు: 'మన ఇంటికి' అనాలక్కా, ఇందులో డౌటే లేదు.

అనంతపురం అత్త: 'మన' అంటే ఆవిడ వచ్చి వంటింట్లో డబ్బాలన్నీ సర్దేస్తుంది, చూసుకో. "ఇక్కడికి రండి అత్తయ్యా" అనేసెయ్.