మొబైల్ బిడ్ తగ్గించాలా? కొనేవాళ్ళంతా చవక ఫోన్లు, స్లో నెట్ వాళ్ళే

కొత్తదారి (అడిగింది): గూగుల్ సెర్చ్ యాడ్స్, మాన్యువల్ సీపీసీ. మా కస్టమర్లలో ఎక్కువమంది చవక ఫోన్లోనే చూస్తారు, నెట్ కూడా స్లో. పోయిన నెల మొబైల్‌లో 2,000 క్లిక్కులకి 20 ఆర్డర్లు, కంప్యూటర్‌లో 200 క్లిక్కులకి 6. మొబైల్‌కి -60%, సిగ్నల్ సరిగ్గా లేని ప్రాంతాలకి ఇంకో -40% పెడదామనుకుంటున్నా. కరెక్టేనా?

లెక్కలమనిషి: కరెక్టే, ఇంకా తక్కువే తగ్గిస్తున్నారు. మొబైల్ 1%, కంప్యూటర్ 3%, అంటే క్లిక్ విలువ మూడో వంతు, లెక్క ప్రకారం -67% రావాలి. పేజీ తెరుచుకోకపోయినా క్లిక్‌కి డబ్బు కట్టేది మీరే కదా.

పాతకాపు: ఆగండి, ఆ 20 నిజంగా 20యేనా? ఆర్డర్ పూర్తయ్యాక వచ్చే థ్యాంక్యూ పేజీలో ట్యాగ్ నడిస్తేనే యాడ్స్‌లో ఆర్డర్ పడుతుంది. స్లో నెట్‌లో ఆర్డర్ మీ సర్వర్‌కి చేరిపోతుంది గానీ ఆ పేజీ పూర్తిగా రాకముందే మనిషి బ్రౌజర్ మూసేస్తాడు, దాంతో డబ్బులు మీకు వస్తాయి, యాడ్స్‌కి మాత్రం తెలీదు. పేజీ తెరుచుకోక కస్టమర్ పోవడం నిజమైన నష్టం, దానికి బిడ్ తగ్గించడం న్యాయమే. ఆర్డర్ వచ్చినా లెక్కలో పడకపోవడం ఉత్తి కొలత తప్పు, దానికి బిడ్ తగ్గిస్తే కొనేవాళ్ళనే వదులుకున్నట్టు. ముందు ఈ రెండిటినీ విడదీయండి. లింకులో వచ్చే క్లిక్ గుర్తు gclid ని మొదటి పేజీ రిక్వెస్ట్‌లోనే సర్వర్ దగ్గర దాచి, ఆర్డర్‌తో పాటు సేవ్ చెయ్యండి. ఒక నెల తర్వాత యాడ్స్ లెక్కతో పోల్చి చూడండి.

ఇంకో సంగతి, ఆ రెండు తగ్గింపులూ కూడవు, గుణిస్తారు. 0.4 × 0.6 = 0.24, అంటే ఆ ప్రాంతాల్లో మొబైల్‌కి -76%. ఒకే స్లో నెట్‌కి రెండుసార్లు శిక్ష.

రంగులఫోన్: మొబైల్ మొత్తానికి ఎందుకండీ, ఫోన్ మోడల్ టార్గెటింగ్ ఉంది కదా, చవక మోడళ్ళకి మాత్రమే తగ్గించండి.

పాతకాపు: అది డిస్‌ప్లే, వీడియోలో ఉంది, సెర్చ్‌లో లేదు. సెర్చ్‌లో మొబైల్ అంటే అన్ని ఫోన్లూ ఒకే గంప.

సాయంత్రంషాపు: నేను మొబైల్‌కి -50% పెట్టి చాలా రోజులైంది, ఏమీ మారలేదు, టార్గెట్ రోయాస్ అనే ఆటోమేటిక్ బిడ్డింగ్‌లో నడుపుతున్నా. మీకూ అంతే అవుతుందేమో.

పాతకాపు: మీది వేరే సంగతి. టార్గెట్ రోయాస్‌లో -100% తప్ప మిగతా డివైస్ సర్దుబాట్లు పట్టించుకోదు. టార్గెట్ సీపీఏలో అయితే బిడ్ కాదు, టార్గెటే మారుతుంది. అడిగినవాళ్ళది మాన్యువల్ కాబట్టి వాళ్ళకి పనిచేస్తుంది.

కొత్తదారి: పాతకాపు గారూ, మీరు చెప్పినట్టే ఈ నెల లాగ్స్ తీయించాను. మొబైల్ క్లిక్కులు మళ్ళీ 2,000 దాకా, ఒక gclid ని ఒక్కసారే లెక్కేస్తే సర్వర్‌కి చేరినవి 1,800, అందులో పేజీ ట్యాగ్ నడిచినవి 1,100. యాడ్స్‌లో 20 ఆర్డర్లే కనిపిస్తుంటే మా పుస్తకంలో gclid తో 34 ఉన్నాయి! కంప్యూటర్‌లో రెండు చోట్లా 6.

పాతకాపు: చూశారా, అసలు రేటు 1.7%. కంప్యూటర్ 3% తో పోలిస్తే -43%, -67% కాదు. పైగా కంప్యూటర్‌వి 6 ఆర్డర్లే, ఇంకో 2 తగ్గినా 2% కి పడిపోతుంది, దాన్ని నమ్మి మొబైల్‌ని కొట్టకండి. అసలు మీ క్లిక్కుల్లో పదింట తొమ్మిది వంతులు మొబైల్‌వే, కాబట్టి మొబైల్ బిడ్ కోస్తే వ్యాపారమే చిన్నదవుతుంది, ఆ ఖాళీని కంప్యూటర్ నింపలేదు. ప్రస్తుతానికి 0 దగ్గరే ఉంచి, ఆ 34 ని, కంప్యూటర్ 6 ని కూడా ఆఫ్‌లైన్ కన్వర్షన్లుగా ఎక్కించండి, క్లిక్ అయిన 90 రోజుల్లోపు ఎక్కించాలి. పాత ట్యాగ్‌ని సెకండరీకి మార్చండి, రెండూ ప్రైమరీగా ఉంటే ఒకే ఆర్డర్ రెండుసార్లు పడుతుంది. సర్వర్ దాకా వచ్చి ట్యాగ్ నడవని ఆ 700 మంది మీద పేజీ బరువు తగ్గించే పని పెట్టండి.

లెక్కలమనిషి: ఆర్డర్ల సంగతి ఒప్పుకుంటా. కానీ పేజీ బాగయ్యేదాకా ఆ 900 క్లిక్కుల డబ్బు పోతూనే ఉంటుంది, అప్పటిదాకా -20% అయినా పెట్టాలంటాను. ప్రాంతం తగ్గింపు మాత్రం ఉంచాల్సిందే, అక్కడ ఆర్డర్లు రావట్లేదని రిపోర్టే చెప్తోంది.

పాతకాపు: -20% తో నాకు పేచీ లేదు, ఆ వృథా అయిన క్లిక్కులకి అదో జవాబే. లొకేషన్ రిపోర్ట్ మాత్రం నమ్మలేను. జీపీఎస్ ఆపేసిన ఫోన్‌ని ఐపీ బట్టి గుర్తిస్తే, మొబైల్ నెట్‌వర్క్ ఐపీ చాలాసార్లు దూరంగా ఉన్న పెద్ద ఊరిని చూపిస్తుంది. పల్లెలో కొన్నవాడు నగరం ఖాతాలో పడతాడు. డెలివరీ అడ్రస్‌తో పోల్చకుండా -40% పెట్టకండి.

లెక్కలమనిషి: అడ్రస్ కొన్నవాళ్ళకే ఉంటుంది, కొనకుండా పోయిన క్లిక్కులు ఏ ఊరివో దాంతో ఎలా తేలుతుంది?

కొత్తదారి: నాకూ అదే డౌటు. ముందు 34 ఆర్డర్ల అడ్రస్‌లు రిపోర్ట్‌తో కలిపి చూసి ఇక్కడ పెడతాను, ప్రాంతం బిడ్ అప్పటిదాకా ముట్టుకోను. మొబైల్‌కి -20% రేపటి నుంచి.