‘సంచిత’ అన్నా ‘సగటు’ అన్నా ఒకటేనా?

ప్రశ్న: అన్ని సెమిస్టర్ల గ్రేడ్ పాయింట్లనూ కలిపి ఒకే అంకెలో చూపే సీజీపీఏను తెలుగులో ‘సంచిత సగటు’ అని రాయవచ్చా? మా అమ్మాయి గ్రేడ్ షీటులో మొదటి సెమిస్టరుకు 8.00, రెండవదానికి 7.00 ఉన్నాయి. సీజీపీఏ మాత్రం 7.50 కాకుండా 7.45 అని వేశారు. ఇది అచ్చుతప్పా?

మొదటి సభ్యుడు: సగటు అంటే కూడి భాగించడమే కనుక 7.50 రావాలి. విశ్వవిద్యాలయానికి అర్జీ పెట్టండి.

రెండవ సభ్యురాలు (పరీక్షల విభాగంలో పనిచేశాను): అర్జీ రాసే ముందు ఆ రెండు సెమిస్టర్లలో క్రెడిట్లు ఎన్నేసి ఉన్నాయో చూడండి.

ప్రశ్నించినవారు: మొదటిదానిలో 20, రెండవదానిలో 24.

రెండవ సభ్యురాలు: అయితే అచ్చుతప్పు కాదు. 20ని 8తో హెచ్చిస్తే 160, 24ను 7తో హెచ్చిస్తే 168, మొత్తం 328. దాన్ని 44 క్రెడిట్లతో భాగిస్తే 7.45 వస్తుంది. తక్కువ పాయింట్లు వచ్చిన సెమిస్టరుకే క్రెడిట్లు ఎక్కువ ఉన్నందున ఫలితం అటువైపు ఒరిగింది. ఒక సెమిస్టరు లోపల కూడా లెక్క ఇలాగే సాగుతుంది. 4 క్రెడిట్ల సబ్జెక్టులో 8, 3 క్రెడిట్లదానిలో 9, ఒక్క క్రెడిట్ ల్యాబులో 10 వస్తే, 32, 27, 10 కలిపి 69ని 8తో భాగించాలి, వచ్చేది 8.63 మాత్రమే, పైకి కనిపించే 9 కాదు.

మూడవ సభ్యుడు: గణిత పాఠ్యపుస్తకాల్లో ‘సంచిత పౌనఃపున్యం’ ఉంది కనుక ‘సంచిత’ సరైన మాటే, అయితే అది ‘ఇప్పటివరకు పోగైనది’ అని మాత్రమే చెబుతుంది. క్రెడిట్ల బరువు సంగతి చెప్పాలంటే ‘భారిత సగటు’ అనాలి. రెండూ కలిపితే ‘సంచిత భారిత సగటు’ అవుతుంది; నోరు తిరగకపోయినా అబద్ధం కాదు.

నాలుగవ సభ్యుడు: నేను ‘క్రెడిట్లు 4’ అన్న గడి చూసి మా వాడికి నాలుగే మార్కులు వచ్చాయనుకుని గట్టిగా మందలించాను. ఈ మాటకు ‘అరువు’ అనే అర్థమే నాకు తెలుసు.

మూడవ సభ్యుడు: అది సబ్జెక్టు బరువు, విద్యార్థి సంపాదన కాదు. ‘భారాంకం’ అంటే ఎలా ఉంటుంది?

రెండవ సభ్యురాలు: తప్పిన సబ్జెక్టు దగ్గర ఆ మాట కొంత ఇబ్బంది పెడుతుంది. చాలాచోట్ల షీటులో నమోదైన క్రెడిట్లకూ సాధించిన క్రెడిట్లకూ వేర్వేరు గడులుంటాయి. పై ఉదాహరణలో 4 క్రెడిట్ల సబ్జెక్టు తప్పితే గ్రేడ్ పాయింటు సున్నా అవుతుంది. సాధించినవి నాలుగే అయినా నమోదైన ఎనిమిదితో భాగించే నియమం ఉన్నచోట 37కు 4.63 వస్తుంది. సాధించిన నాలుగుతో భాగిస్తే 9.25 వచ్చి, తప్పిన విద్యార్థి మొదటి శ్రేణిలో నిలబడతాడు. మీ షీటులో ఏ గడితో భాగించారో తెలియాలంటే ఈ రెండు లెక్కలూ వేసి, ఏది అచ్చయిన అంకెతో కలుస్తుందో చూడండి.

మొదటి సభ్యుడు: 7.45ను పదితో హెచ్చిస్తే శాతం వచ్చినట్టేనా? ఉద్యోగ దరఖాస్తులో అడిగారు.

రెండవ సభ్యురాలు: సూత్రం ఒక్కో విశ్వవిద్యాలయానికి ఒక్కో విధంగా ఉంటుంది కనుక మీ షీటు వెనుక అచ్చయినదాన్నే వాడండి.

మూడవ సభ్యుడు: ‘భారాంకం’ సంగతి తేలలేదు.